ఫోటోలోని బ్యాంకు లెక్క: వరుస వరుసకూ నిల్వ సరిచూడటం

మూకండపల్లి సిప్కాట్ చుట్టుపక్కల లేత్ పని, డ్రిల్లింగ్ పని, ప్రెస్ పని చేసే చిన్న వర్కుషాపులు ఎన్నో ఉన్నాయి. బాగలూరు నుంచీ రాయకోట వైపు నుంచీ వచ్చి ఇద్దరు ముగ్గురు కలిసి పెట్టుకున్నవి వాటిలో చాలా ఉంటాయి. ఇలాంటి చోట భాగస్థుల మధ్య లెక్క తేల్చవలసిన రోజు ఒకటి వస్తుంది. అప్పుడు చేతిలో ఉండేది తరచుగా ఒక ఫోటో మాత్రమే. ఎవరో బ్యాంకు స్టేట్‌మెంటును ఫోనులో ఫోటో తీసి పంపి ఉంటారు. ఆ ఫోటోను కంప్యూటరులో పట్టికగా ఎక్కించి, ఆ పట్టిక నమ్మదగినదో కాదో తేల్చుకోవడం ఎలాగో ఈ వేళ ముచ్చటించుకుందాం.

ముందుగా ఒక మాట. ఖాతా ఇంకా నడుస్తూ ఉంటే, బ్యాంకు నుంచి కంప్యూటరు ఫైలు రూపంలోనే లెక్క తెచ్చుకోండి. ఫోటోతో పని పాత కాగితాలకూ, ఫైలు దొరకని సందర్భాలకూ మాత్రమే.

స్టేట్‌మెంటులో ప్రతి పద్దుకూ తేదీ, వివరం, డెబిట్, క్రెడిట్, నిల్వ అని ఐదు కాలమ్‌లు ఉంటాయి. ఇక్కడ డెబిట్ అంటే మన ఖాతా నుంచి పోయిన సొమ్ము, క్రెడిట్ అంటే వచ్చి చేరిన సొమ్ము. మన సొంత పుస్తకంలో బ్యాంకు ఖాతా రాసుకునేటప్పుడు ఇది తిరగబడుతుంది. బ్యాంకులో పడిన సొమ్మును మనం డెబిట్ వైపు రాస్తాం. కాబట్టి ఎక్కించే పని పూర్తయ్యేవరకు బ్యాంకు వాడిన అర్థాన్నే పట్టుకుని ఉండండి.

ఇప్పుడు ఒక వర్కుషాపు లెక్క ఊహించుకుందాం. ఏప్రిల్ నెల మొదటి పన్నెండు రోజుల పద్దులు ఇవి.

```
A      B                  C         D         E
తేదీ    వివరం              డెబిట్     క్రెడిట్    నిల్వ
01-04  తొలి నిల్వ                              48250.00
03-04  కంపెనీ చెల్లింపు               62000.00  110250.00
05-04  ఇనుము కొన్న చెక్కు   37800.00            72450.00
05-04  కరెంటు బిల్లు        6318.00             66132.00
08-04  చిల్లర పని వసూలు               4700.00   70832.00
10-04  కూలీలకు నగదు        28000.00            42832.00
10-04  బ్యాంకు రుసుము       17.70               42814.30
12-04  కంపెనీ చెల్లింపు               35400.00  78214.30
```

శీర్షికలు మొదటి వరుసలోనూ, తొలి నిల్వ రెండో వరుసలోనూ, పద్దులు మూడు నుంచి తొమ్మిదో వరుస దాకా ఉన్నాయనుకోండి. ఫోటోలోని అక్షరాలను ఫోను గుర్తించి ఇస్తే ఒక చిక్కు వస్తుంది. ఖాళీగా ఉన్న కాలమ్ మాయమై, డెబిట్ అంకె, క్రెడిట్ అంకె ఒకే చోట వచ్చి పడతాయి. ఏది ఏదో తెలియదు. అప్పుడు నిల్వనే అడగాలి. పై వరుసకంటే నిల్వ పెరిగితే ఆ పద్దు క్రెడిట్, తగ్గితే డెబిట్. 66,132 తర్వాత 70,832 ఉంది కాబట్టి 4,700 వచ్చిన సొమ్మే, పోయినది కాదు.

ఇక్కడే చాలామంది ఒక దారి తప్పుతారు. తేదీలూ, డెబిట్లూ, క్రెడిట్లూ మాత్రం ఎక్కించి, నిల్వను కంప్యూటరు చేత కట్టిస్తారు. ఆ నిల్వ ఎప్పుడూ తప్పు లేనట్టే కనబడుతుంది. మనం ఎక్కించిన అంకెల నుంచి పుట్టిన నిల్వ ఆ అంకెల తప్పును ఎలా పట్టుకుంటుంది? కాబట్టి E కాలమ్‌లో ఫోటోలో అచ్చయి ఉన్న నిల్వనే, ఉన్నది ఉన్నట్టుగా ఎక్కించాలి. సాక్షి బ్యాంకు తరఫున ఉండాలి గాని మన తరఫున కాదు. సరిచూడటానికి పక్కన F అని ఇంకొక కాలమ్ పెట్టి, మూడో వరుసలో ఈ సూత్రం రాసి, కింది వరకు లాగండి.

```
=ROUND(E2-C3+D3-E3,2)
```

దీని అర్థం తేలికే. పై వరుస నిల్వలోంచి డెబిట్ తీసివేసి, క్రెడిట్ కలిపి, ఈ వరుసలో అచ్చయిన నిల్వను తీసివేస్తున్నాం. అన్నీ సరిగ్గా ఉంటే సున్నా రావాలి. చివరి రెండు అంకె, పైసల దగ్గర కంప్యూటరు చూపించే అతి చిన్న తేడాలను తుడిచివేయడానికి పెట్టినది.

సున్నా రాకపోతే, ఆ తేడా ఎలాంటి తప్పు జరిగిందో కూడా చెబుతుంది. నాలుగు రకాల తప్పులను ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, అంకె పొరపాటు. ఫోటో మసకగా ఉంటే 3, 8 ఒకేలా కనబడతాయి. కరెంటు బిల్లు 6,318ని 6,818గా ఎక్కిస్తే ఆ వరుసలో మైనస్ 500 వస్తుంది. ఒకే అంకె, దాని వెనుక సున్నాలు ఉన్న తేడా వచ్చిందంటే, ఆ స్థానంలో ఒక అంకెను తప్పు చదివారని ముందుగా అనుమానించండి. ఇక్కడ వందల స్థానం. చేత్తో ఎక్కించేటప్పుడు రెండు అంకెలు తారుమారైతే తేడా 9తో నిశ్శేషంగా పోతుంది. 6,318 బదులు 6,381 కొడితే తేడా 63.

రెండవది, కాలమ్ మారిపోవడం. వసూలు 4,700ని డెబిట్‌లో పెడితే తేడా మైనస్ 9,400 వస్తుంది. అది 4,700కు సరిగ్గా రెట్టింపు. తేడాలో సగం అదే వరుసలోని మొత్తమైతే, ఆ మొత్తాన్ని పక్క కాలమ్‌కు జరపండి.

మూడవది, నిల్వనే తప్పు చదవడం. కూలీల వరుసలో 42,832ను 42,882గా ఎక్కించారనుకోండి. ఆ వరుసలో మైనస్ 50, దాని కింది వరుసలో ప్లస్ 50 వస్తాయి. తప్పు నిల్వ రెండు లెక్కల్లో పాలు పంచుకుంటుంది గనుక ఇలా జరుగుతుంది. పక్కపక్కనే ఒకే మొత్తం ఎదురెదురు గుర్తులతో కనబడితే డెబిట్, క్రెడిట్ జోలికి పోకండి. రెండింటిలో పై వరుస నిల్వను ఫోటోలో మళ్ళీ చూడండి.

నాలుగవది, వరుసే జారిపోవడం. కాగితం మడత పడిన చోట ఇనుము చెక్కు పద్దు కనబడలేదనుకుందాం. అప్పుడు దాని కింది కరెంటు బిల్లు దగ్గర ప్లస్ 37,800 తేడా వస్తుంది. ప్లస్ అయితే పోయిన పద్దు డెబిట్, మైనస్ అయితే క్రెడిట్. రెండు మూడు పద్దులు ఒకే చోట జారిపోతే వాటి నికర మొత్తం మాత్రమే కనబడుతుంది. దాన్ని విడదీయడం లెక్కతో కాదు, ఇంకొక మంచి ఫోటోతోనే సాధ్యం.

ఇలా వరుస వరుసకూ చూడటం ఎందుకు, చివరి మొత్తం ఒక్కటి చూస్తే చాలదా అని మీరు అడగవచ్చు. పైన చెప్పిన వాటిలో మొదటి రెండు తప్పులూ ఒకే పట్టికలో జరిగాయనుకోండి. చివర 9,900 తక్కువ వస్తుంది. అది 9తో నిశ్శేషంగా పోతుంది గనుక అంకెలు తారుమారయ్యాయని అనుకుని లేని తప్పు కోసం వెతుకుతారు. అంతకంటే చెడ్డ సంగతి, నగదు తీసే పని చూసే భాగస్థుని మీద కన్ను పడుతుంది. వరుస వారీగా చూసినప్పుడు అదే 9,900 ఒకచోట 500గా, మరొకచోట 9,400గా విడిపోతుంది. రెండూ ఎక్కించడంలోని తప్పులే తప్ప సొమ్ము ఎటూ పోలేదని అక్కడికక్కడే తేలిపోతుంది. ఎంత తొందర ఉన్నా "ఇతరములు" అని ఒక కొత్త వరుస వేసి తేడాను పూడ్చకండి. ఆ వరుస తర్వాత ఎవరి నెత్తిన పడుతుందో చెప్పలేం.

వరుసలన్నీ సున్నా అయ్యాక చివర ఈ సూత్రం కూడా వేయండి.

```
=ROUND(E2-SUM(C3:C9)+SUM(D3:D9)-E9,2)
```

వరుసల్లో అంతా సున్నా ఉండి, ఇక్కడ మాత్రం తేడా వస్తే, ఏదో ఒక గడిలోని అంకె కంప్యూటరుకు అంకెగా కాక అక్షరాలుగా కనబడుతోందన్న మాట. అలాంటి గడిలో మామూలుగా అంకె ఎడమ అంచుకు అంటుకుని ఉంటుంది. మొత్తం కూడేటప్పుడు కంప్యూటరు దాన్ని చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. కామాలూ, ముందు వెనుకల ఖాళీలూ తీసేసి ఆ అంకెను మళ్ళీ కొట్టండి.

పేజీలు మారే చోట కూడా కొంచెం చూసుకోవాలి. కొన్ని బ్యాంకులు పేజీ అడుగున ఉన్న నిల్వనే తరువాతి పేజీ తలన మళ్ళీ అచ్చు వేస్తాయి. అది కొత్త పద్దు కాదు. రెండూ సమానంగా ఉన్నాయో లేదో చూసి, పట్టికలోకి ఎక్కించకుండా వదిలేయండి. సమానంగా లేకపోతే మధ్యలో ఒక పేజీ ఫోటో రాలేదని అర్థం. కొన్ని స్టేట్‌మెంట్లలో కొత్త పద్దులు పైన, పాతవి కింద ఉంటాయి. అలాంటప్పుడు ముందు వరుసలను తిరగవేసి, ఆ తర్వాతే సూత్రం వేయాలి. ఓవర్‌డ్రాఫ్టు ఖాతా అయితే నిల్వ పక్కన డి.ఆర్. అని ఉండవచ్చు. అది మనం బ్యాంకుకు బాకీ అని చెప్పే గుర్తు గనుక ఆ నిల్వను మైనస్‌తో ఎక్కించండి. ఆ ఒక్క గుర్తు మరచిపోతే వరుసలన్నీ తిరగబడతాయి.

ఈ సున్నాలు చెప్పలేనివి కూడా ఉన్నాయి. తేదీ తప్పు ఎక్కించినా, ఒకరి పేరు బదులు మరొకరి పేరు రాసినా నిల్వ కదలదు. ఒక చెల్లింపు పోయి, అదే మొత్తం తిరిగి జమ అయి, ఆ రెండు వరుసలూ కలిసి జారిపోతే లెక్క సరిపోయినట్టే కనబడుతుంది. అందుకని ఫోటోలో ఎన్ని పద్దులున్నాయో, పట్టికలో ఎన్ని ఉన్నాయో వేరుగా లెక్కపెట్టండి. స్టేట్‌మెంటు చివర బ్యాంకు డెబిట్ల మొత్తం, క్రెడిట్ల మొత్తం ఇచ్చి ఉంటే వాటితోనూ పోల్చండి. మన ఉదాహరణలో పద్దులు ఏడు, డెబిట్లు 72,135 రూపాయల 70 పైసలు, క్రెడిట్లు 1,02,100 రూపాయలు.

చివరిగా ఒక సంగతి. ఈ పట్టిక మన లెక్క తేల్చుకోవడానికి పనికివస్తుంది గాని, కోర్టులో బ్యాంకు పుస్తకానికి బదులుగా నిలవదు. తగాదా అంతదాకా పోతే, 1891 నాటి బ్యాంకర్స్ బుక్స్ ఎవిడెన్స్ చట్టం ప్రకారం బ్యాంకు ధ్రువీకరించి ఇచ్చిన నకలు అడగాలి. పట్టిక చేతిలో ఉంటే ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ పద్దు కోసం ఆ నకలు కావాలో బ్యాంకువారికి ఒక్క కాగితంలో రాసి ఇవ్వగలుగుతారు.