వెళ్లిన పాదమే మళ్లీ వచ్చి

దుఃఖపు జ్ఞాపకం వరుసగా సాగదు. ముందుకు రెండడుగులు వేసి, వెనక్కి ఒకడుగు వేస్తుంది. ఈ నడకకు సరిగ్గా సరిపోయే కవితారూపం పాంటూమ్. మలయ్ జానపదుల పద్యాల నుంచి పుట్టింది. విక్టర్ హ్యూగో 1829లో తన పుస్తకపు వివరణల్లో అలాంటి పద్యానికి ఫ్రెంచి అనువాదం చేర్చాక యూరప్ కవుల దృష్టిలో పడింది.

నియమం చిన్నదే. ప్రతి చరణానికీ నాలుగు పాదాలు. ఒక చరణంలోని రెండో, నాలుగో పాదాలు తర్వాతి చరణంలో మొదటిదీ మూడోదీ అవుతాయి. చివరి చరణంలో రెండో పాదంగా మొదటి చరణపు మూడో పాదం, నాలుగో పాదంగా మొట్టమొదటి పాదం వస్తాయి. అంటే ప్రతి పాదమూ రెండుసార్లు వినిపిస్తుంది. పన్నెండు పాదాల కవితకు ఆరే పాదాలు రాస్తే చాలు.

తండ్రి మరణవార్త వచ్చిన ఉదయాన్ని గుర్తు చేసుకునే బిడ్డ మాటల్లో ఇలా ఉంటుంది:

అమ్మ గుమ్మంలో కూర్చుంది
నాన్న స్కూటర్ మలుపు తిరిగింది
పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి
వీధిలోంచి ఎవరో పిలిచారు

నాన్న స్కూటర్ మలుపు తిరిగింది
చేయి ఊపడం మరిచిపోయాను
వీధిలోంచి ఎవరో పిలిచారు
ఆ మాట విన్నాక ఎవరూ మాట్లాడలేదు

చేయి ఊపడం మరిచిపోయాను
పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి
ఆ మాట విన్నాక ఎవరూ మాట్లాడలేదు
అమ్మ గుమ్మంలో కూర్చుంది

మొదట్లో తల్లి ఊరికే కూర్చుంది. చివర్లో కూలబడింది. ఒక్క అక్షరమూ మారలేదు, చుట్టూ ఉన్న పాదాలే మారాయి. పొంగే పాలు మొదట వంటింటి సంగతి. రెండోసారి, వాటిని దించే మనిషి లేదు.

ఇలా కుదరాలంటే ప్రతి పాదమూ తనంతట తాను నిలబడాలి. తెలుగులో చేయి తిరిగిన కవి కూడా తడబడేది ఇక్కడే. 'స్కూటర్ మలుపు తిరిగి' అని రాస్తే ఆ అసమాపక క్రియ తర్వాతి పాదం కోసం చేయి చాస్తుంది, మరో చోట అతకదు. 'అందుకే', 'అప్పుడు' లాంటి మాటలదీ అదే ఇబ్బంది. 'నాన్న పోయాడని గుండె పగిలింది' అంటే మొదటిసారే అంతా చెప్పేసినట్టు, తిరిగి వచ్చినప్పుడు ఆ పాదానికి కొత్తగా చెప్పేదేమీ మిగలదు. పరీక్ష సులువు: రెండోసారి వచ్చిన పాదాన్ని వేలితో మూసి చదవాలి. లోటు తెలియకపోతే ఆ పాదం మార్చాల్సిందే.

నియమాన్ని కొంత సడలించినా తప్పులేదు. అమెరికాలోని మొహావీ కవయిత్రి నటాలీ డియాజ్ తన సోదరుడి గురించి రాసిన పాంటూమ్ 2012లో వచ్చిన సంకలనంలో ఉంది. తెల్లవారుజామున మూడు గంటలకు తల్లి తలుపు తీసే దృశ్యం అందులో కొద్దికొద్ది మార్పులతో తిరిగి వస్తుంది.

మొదటి పాదంతోనే ముగించడం అన్ని జ్ఞాపకాలకూ నప్పదు. మనసు ఇంకా ఆ గుమ్మంలోనే ఉంటే నప్పుతుంది. కొంచెమైనా కదిలి ఉంటే ఆ ముగింపు అబద్ధమవుతుంది. బోదలేర్ 1857 నాటి 'సాయంకాలపు సామరస్యం'లో పాదాలను గొలుసుగా అల్లాడు గానీ మొదటి పాదానికి తిరిగి వెళ్లలేదు. ప్రియురాలి జ్ఞాపకం గురించిన కొత్త పాదంతోనే కవిత ముగించాడు.