గోల్కొండ కథ, గైడ్ నోట

గోల్కొండ బయటి ప్రాకారానికి ఆగ్నేయ దిక్కున ఫతే దర్వాజా ఉంది. తలుపుల నిండా బారెడు దూరం నుంచే కనిపించే ఇనుప మేకులు. విదేశీయుల బృందం అక్కడ ఆగితే గైడ్ చేతిలో ఉండేది మహా అయితే ఐదు నిమిషాలు. బృందంలో ఫ్రాన్స్ వాళ్లు ఉంటారు, జర్మనీ వాళ్లు ఉంటారు, జపాన్ వాళ్లు ఉంటారు. చాలామందికి ఇంగ్లిష్ మాతృభాష కాదు. బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొఘలులు అన్న మాటల్లో వాళ్లు ముందే విని ఉండేది మొఘలుల పేరు ఒక్కటే.

అలాంటివాళ్లకు కొత్తగా చేరిన గైడ్ చాలాసార్లు పుస్తకంలో బట్టీపట్టిన వాక్యాన్నే అప్పజెబుతాడు. తెలుగులో చెప్పుకుంటే అది ఇలా ఉంటుంది: ‘కుతుబ్‌షాహీ వంశపు చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా పరిపాలనా కాలంలో, 1687లో, మొఘల్ చక్రవర్తి ఔరంగజేబు సాగించిన ఎనిమిది నెలల ముట్టడి అనంతరం, అబ్దుల్లా ఖాన్ పన్ని అనే సర్దారు నమ్మకద్రోహం కారణంగా కోట పతనమైంది.’ ఇందులో తప్పు ఒక్కటీ లేదు. కానీ మూడు పేర్లు, ఒక వంశం, ఒక సంవత్సరం, ఒక యుద్ధం, ఒక కుట్ర ఒకే ఊపిరిలో వచ్చిపడ్డాయి. వినేవాడు రెండో పేరు దగ్గరే ఆగిపోతాడు. మర్యాదకు తల ఊపి ఫొటో తీసుకుంటాడు.

చేయి తిరిగిన గైడ్ అదే విషయాన్ని విడగొట్టి చెబుతాడు. ముందు చేత్తో తలుపు చూపిస్తాడు. ‘ఈ మేకులు చూడండి. ఏనుగులు తలుపును తలతో గుద్దకుండా వీటిని పెట్టారు. 1687లో ఢిల్లీ చక్రవర్తి ఔరంగజేబు ఈ కోట మీదికి వచ్చాడు. ఆయన సైన్యం ఎనిమిది నెలలు బయటే ఉండిపోయింది. ఫిరంగులతో కోట లొంగలేదు. చివరికి లోపలి సర్దారు ఒకడు డబ్బుకు ఆశపడ్డాడు. రాత్రివేళ తలుపు తెరిచాడు. గెలిచినవాళ్లు దీనికి విజయ ద్వారం అని పేరు పెట్టారు.’ ఒక్కో వాక్యంలో ఒక్కో సంగతి. సంవత్సరం ఒక్కటే, రాజు పేరు ఒక్కటే. సర్దారు పేరు లేదు, ఎవరైనా అడిగితే చెబుతాడు. తానీషా కూడా ఇక్కడ రాడు. ఆయన కథ కొండ మీద, ఆయన కొలువుదీరిన చోట వస్తుంది.

వాక్యం చిన్నదైతే సరిపోదు. వరస కూడా ముఖ్యమే. కంటికి కనిపించేది ముందు, దాని పని తర్వాత, పేరు ఆ తర్వాత, సంవత్సరం చివర. ఈ వరస తిరగబడితే వినేవాళ్లు పేరు దగ్గర తికమకపడి, ఎదురుగా ఉన్న తలుపును చూడడం మరిచిపోతారు. బృందంతో జపనీస్ దుబాసీ వచ్చినప్పుడు ఈ పద్ధతి మరీ అక్కరకొస్తుంది. గైడ్ ఒక వాక్యం చెప్పి ఆగుతాడు, దుబాసీ అందుకుంటాడు. వాక్యం సగంలో ఆగితే దుబాసీ ఊహించుకోవాల్సి వస్తుంది. తప్పులు దొర్లేది అక్కడే.

మాటల ఎంపికలో ఇంకో కట్టుబాటు ఉంది. ‘బాలా హిస్సార్’ అన్న పేరు ఒక్కసారి చెప్పి, దాని అర్థం ‘కొండ మీది లోపలి కోట’ అని వివరించాక, ఆ తర్వాతంతా ‘పై కోట’ అనే అనాలి. ఒకచోట దుర్గమనీ, ఇంకోచోట రాజమహల్ అనీ, మరోచోట సిటడెల్ అనీ మారుస్తూ పోతే వినేవాళ్లు అవి నాలుగు వేర్వేరు కట్టడాలనుకుంటారు. వ్యాసం రాసేటప్పుడు ఒకే మాట మళ్లీ మళ్లీ వాడితే పేలవంగా ఉంటుంది గానీ, కోటలో నడుస్తూ చెప్పేటప్పుడు ఆ పునరుక్తే దారి చూపిస్తుంది.

తేదీల దగ్గర మరో చిక్కు ఉంది. ‘పదిహేడో శతాబ్దం’ అంటే చాలామంది 1700ల కాలమనుకుంటారు. నిజానికి అది 1601 నుంచి 1700 దాకా. అందుకే శతాబ్దం మాట ఎత్తకుండా ‘1600లలో’ అనడమో, నేరుగా సంవత్సరం చెప్పడమో మేలు. ఆ సంవత్సరానికి వినేవాళ్ల దేశంలోనే ఒక ఆనవాలు దొరికితే ఇక మరిచిపోరు. 1687నే తీసుకోండి. ఇంగ్లండ్ వాళ్లకైతే న్యూటన్ గమన నియమాలు, గురుత్వాకర్షణ సిద్ధాంతం ఉన్న ‘ప్రిన్సిపియా’ అచ్చయిన ఏడాది అని చెప్పొచ్చు. గ్రీకులకూ ఇటలీ వాళ్లకూ మరీ దగ్గరి ఆనవాలు ఉంది. ఏథెన్స్‌లో పార్థినాన్ ఆలయం వెనిస్ సైన్యం ఫిరంగి దెబ్బకు పేలిపోయింది ఆ ఏడాది సెప్టెంబరులోనే, కాస్త అటూ ఇటూగా గోల్కొండ పడిపోయిన రోజుల్లోనే. ఫ్రాన్స్ వాళ్లకు పద్నాలుగో లూయీ కాలం అంటే చాలు. అమెరికా నుంచి వచ్చినవాళ్లకు హైదరాబాద్ నగరం పుట్టిన 1591ని, మేఫ్లవర్ ఓడ అక్కడి తీరం చేరిన 1620కి దాదాపు ముప్పై ఏళ్ల ముందు అని చెబితే సరిపోతుంది.

శాసనాల మీది హిజ్రీ సంవత్సరాల లెక్క వేరు. పై కోటకు వెళ్లే దారిలో అంబర్‌ఖానా ఉంది, ధాన్యం నిల్వ చేసిన కొట్టు. అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో కట్టినట్టు చెప్పే పారశీక శాసనం దానికి సంబంధించినదే. హిజ్రీ 1052 అంటే క్రీస్తు శకంలో ఎంత? హిజ్రీ లెక్క 622లో మొదలైంది కాబట్టి 622 కలిపేస్తే సరిపోతుందని కొందరు 1674 అనేస్తారు. అది తప్పు. హిజ్రీ ఏడాది చంద్రమానం ప్రకారం సుమారు 354 రోజులే. మన ఏడాది కంటే పదకొండు రోజులు తక్కువ. అంచేత ముందు హిజ్రీ అంకెలోంచి నూటికి మూడు వంతులు తీసేయాలి. 1052లోంచి 32 పోతే 1020. దానికి 622 కలిపితే 1642. ఇది దగ్గరి లెక్కే. హిజ్రీ ఏడాది మన ఏడాది మధ్యలో మొదలవుతుంది కాబట్టి ఒక ఏడాది తేడా రావచ్చు. అయితే 32 ఏళ్ల తప్పు జరిగితే పట్టుకోవడం కష్టం కాదు. అబ్దుల్లా కుతుబ్‌షా 1672లోనే చనిపోయాడు. 1674లో గద్దె మీద ఉన్నది తానీషా. రాజు పేరూ సంవత్సరమూ పొసగలేదంటే లెక్క ఎక్కడో తప్పినట్టే.

సులువుగా చెప్పాలన్న తొందరలో నిజం జారిపోయే చోట్లు గోల్కొండలో చాలా ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది వజ్రాల కథ. గోల్కొండ వజ్రాలు అనగానే కోహినూరు ఈ కొండలోనే తవ్వారని విదేశీయులు అనుకుంటారు. కొండంతా గ్రానైటు. ఇక్కడ వజ్రం పుట్టదు. గనులు కృష్ణా తీరంలో ఉండేవి. వాటిలో పేరుమోసినది కొల్లూరు. 1600లలో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే, ఆ గని గోల్కొండ నుంచి తూర్పుగా ఏడు రోజుల ప్రయాణమనీ, అక్కడ అరవై వేల మంది పనిచేస్తున్నారనీ రాశాడు. ఆ ఊరు ఇప్పుడు పులిచింతల జలాశయం ముంపు ప్రాంతంలో ఉంది. గైడ్ చెప్పాల్సింది ఇంతే: ‘వజ్రాలు కృష్ణా నది ఒడ్డున దొరికేవి. అవి అమ్ముడయ్యే పెద్ద బజారు ఇక్కడ ఉండేది. అందుకే బజారు పేరు వజ్రాలకు వచ్చింది.’ మూడు చిన్న వాక్యాలే అయినా అబద్ధం లేదు. టావెర్నియే కొని పద్నాలుగో లూయీకి అమ్మిన నీలి వజ్రం నుంచే అమెరికాలో ఇప్పుడున్న హోప్ వజ్రం వచ్చిందని చేరిస్తే ఫ్రాన్స్ వాళ్లకూ అమెరికా వాళ్లకూ ఒకేసారి ఈ కోటతో చుట్టరికం కుదురుతుంది.

రామదాసు బందిఖానా దగ్గర మరింత జాగ్రత్త కావాలి. తెలుగువాళ్లకు కంచర్ల గోపన్న అంటే వేరే పరిచయం అక్కర్లేదు. విదేశీయులకు ‘తహసీల్దారు’ అర్థం కాదు. ‘భద్రాచలం ప్రాంతంలో రాజుగారి పన్నులు వసూలు చేసే అధికారి. ఆ డబ్బుతో రాముడికి గుడి కట్టించాడు. రాజు ఆయన్ని ఇక్కడ బంధించాడు’ అంటే అర్థమవుతుంది. గోడ మీది దేవతా రూపాలు చూపించి, వీటిని ఆయనే చెక్కాడని ప్రతీతి అంటాడు గైడ్. ఆ తర్వాత రామలక్ష్మణులు తానీషా దగ్గరికి వచ్చి బాకీ తీర్చిన కథ. అక్కడ గైడ్ గొంతు మారకపోయినా మాట మారాలి. ‘భక్తులు ఇలా నమ్ముతారు’ అని ముందే చెప్పి కథ మొదలుపెట్టాలి. అలా చెప్తే కథ చిన్నబోదు. ఏది శాసనంలో ఉంది, ఏది కంటికి కనిపిస్తోంది, ఏది జనం నోట ఉంది అన్నవి విడిగా వింటే, గైడ్ చెప్పిన మిగతా మాటల మీద కూడా వాళ్లకు నమ్మకం కుదురుతుంది. కోట నుంచి చార్మినార్ దాకా సొరంగం ఉందన్న మాటను కూడా ఇదే పద్ధతిలో చెప్పాలి.

బాలా హిస్సార్ దర్వాజా గుమ్మటం కింద కొట్టే చప్పట్ల దగ్గర మాత్రం గైడ్‌కు మాటలే అక్కర్లేదు. ఇద్దరిని మెట్లెక్కి పై కోటకు వెళ్లమని, మిగతావాళ్లను గుమ్మటం కింద నిలబెట్టి చప్పట్లు కొట్టమంటాడు. కొండ ఎత్తు దాదాపు 120 మీటర్లు, మెట్లు మూడు వందలకు పైనే. పైన ఉన్నవాళ్లకు ఆ చప్పుడు వినపడితే ఆ ఇద్దరే కిందికి వచ్చి చెబుతారు. ‘శత్రువు వచ్చాడని పైకి తెలిపే ఏర్పాటు ఇది’ అన్న ఒక్క మాట అప్పుడు చేరిస్తే చాలు. ఇక్కడ వరస మళ్లీ అదే: ముందు అనుభవం, తర్వాత వివరణ.

అమెరికా నుంచి వచ్చిన మనవలనో, ఆఫీసుకు వచ్చిన విదేశీ మిత్రులనో గోల్కొండకు తీసుకెళ్లే తెలుగువాళ్లు చాలామందే ఉంటారు. వంశవృక్షమంతా చెప్పబోకండి. మూడు సంవత్సరాలు దగ్గర పెట్టుకోండి: కుతుబ్‌షాహీల పాలన మొదలైన 1518, వాళ్లు హైదరాబాద్ కట్టిన 1591, కోట మొఘలుల చేతికి పోయిన 1687. గైడ్‌ను పెట్టుకుంటే గుర్తింపు కార్డు చూసి మరీ పెట్టుకోండి. ఆయన చెప్పే కథల్లో ఏది చరిత్ర, ఏది జనం నమ్మకం అని అక్కడికక్కడే అడగండి.