జీవనభృతి అందకుండా విచారణ జరిపితే...

కోలారు బంగారు గనుల్లో, భారత్ గోల్డ్ మైన్స్ సంస్థలో పనిచేసే ఒక సెక్యూరిటీ అధికారి ఇంట్లో 1985 జూన్‌లో పోలీసులు సోదా చేశారు. బంగారం దొరికిందన్నారు. సంస్థ ఆయనను సస్పెండ్ చేసి విచారణ మొదలుపెట్టింది. జీవనభృతి మాత్రం ఇవ్వలేదు. ఆయన కేరళలోని సొంత ఊరికి వెళ్లిపోయారు. కోలారు వచ్చి విచారణకు హాజరు కావడానికి చేతిలో డబ్బు లేదు, ఆరోగ్యమూ బాగాలేదు. ఆయన లేకుండానే విచారణ ముగించి 1986లో బర్తరఫ్ చేశారు. మరుసటి ఏడాది క్రిమినల్ కోర్టు ఆయనను నిర్దోషిగా వదిలేసింది.

చట్టం దృష్టిలో సస్పెన్షన్ శిక్ష కాదు. కేంద్ర ఉద్యోగుల క్రమశిక్షణ నియమాల్లో శిక్షల జాబితా ఉంది. అందులో సస్పెన్షన్ లేదు. సాక్ష్యాలను తారుమారు చేయకుండా, సాక్షులను ప్రభావితం చేయకుండా ఉద్యోగిని పక్కన ఉంచే తాత్కాలిక ఏర్పాటు మాత్రమే అది. ఉద్యోగ బంధం తెగదు. వేరే పని చేసుకోనివ్వరు కాబట్టే తిండికి భృతి ఇస్తారు.

మూల వేతనం 40,000 రూపాయలున్న కేంద్ర ఉద్యోగికి మొదట 20,000, దానిమీద కరువు భత్యం వస్తాయి. ఇంకెక్కడా పని చేయడం లేదని ధ్రువీకరణ ఇవ్వాలి. మూడు నెలలు దాటాక సమీక్షిస్తారు. ఆలస్యం ఉద్యోగి వల్ల కాకపోతే 20,000ను 30,000 దాకా పెంచవచ్చు. ఆయనే సాగదీస్తే 10,000 దాకా తగ్గించవచ్చు.

కానీ ఛార్జిమెమో ఇవ్వకుండా నెలలు గడిపేస్తే? ఇరుగుపొరుగు దృష్టిలో ఆ మనిషికి శిక్ష పడిపోయినట్టే. దీన్ని గుర్తించే 2015లో అజయ్ కుమార్ చౌదరి కేసులో సుప్రీంకోర్టు, మూడు నెలల్లోగా ఛార్జిమెమో ఇవ్వకపోతే సస్పెన్షన్ కొనసాగించకూడదంది. ఇచ్చాక పొడిగించాలన్నా కారణాలు రాయాలంది. పొడిగింపు ఉత్తర్వుల్లో నాకు ఎక్కువగా కనిపించేది ఒకే వాక్యం: ‘విచారణ పెండింగ్‌లో ఉంది’. అది కారణం కాదు.

కోలారు అధికారి కేసు 1999లో సుప్రీంకోర్టులో తేలింది. భృతి ఇవ్వకపోవడం మనిషిని మెల్లగా విషమిచ్చి చంపడంలాంటిదన్న న్యాయస్థానం, ఆ ఏకపక్ష విచారణను తప్పుపట్టి, ఆయనను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది.

అయితే భృతి ఆగినంత మాత్రాన ప్రతి విచారణా కొట్టుకుపోదు. అది అందకే హాజరు కాలేకపోయానని, దానివల్ల నష్టపోయానని ఉద్యోగి చూపాలి. కాబట్టి సస్పెన్షన్‌లో ఉన్నవారు భృతి రాని నెలే విచారణాధికారికి ఆ సంగతి రాతపూర్వకంగా తెలిపి, రసీదు దాచుకోండి.