గిన్నెడు పప్పులో మన వాటా ఎంత?

ఇంట్లో వండిన కూరకు, పప్పుకు ప్యాకెట్ ఉండదు, దాని వెనక అంకెలూ ఉండవు. ఒక్కొక్కరి కంచంలోకి ఎన్ని కేలరీలు, ఎంత ప్రొటీన్ వెళ్లిందో తెలియాలంటే మనమే లెక్క కట్టుకోవాలి. ఆ లెక్క స్టవ్ వెలిగించక ముందే మొదలవుతుంది.

టమాటా పప్పునే తీసుకుందాం. కందిపప్పు 200 గ్రాములు, టమాటాలు 300, తొక్క తీసిన ఉల్లిపాయలు 100, పోపుకు నూనె 30 గ్రాములు, అందులోకి మినప్పప్పు, ఆవాలు, జీలకర్ర కలిపి 10 గ్రాములు అనుకుందాం. ఉప్పులోనూ నీళ్లలోనూ కేలరీలుండవు. పసుపు, కరివేపాకు మనం వేసే కొద్దిపాటికి లెక్కలోకి రావు.

ఏ దినుసులో ఏముందో చెప్పే పట్టికలను హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించింది. అందులో శక్తిని కిలోజౌళ్లలో ఇచ్చారు. దాన్ని 4.184తో భాగిస్తే మనం కేలరీలని పిలుచుకునే అంకె వస్తుంది. వంద గ్రాముల పచ్చి కందిపప్పులో సుమారు 330 కేలరీలు, 22 గ్రాములకు కాస్త తక్కువగా ప్రొటీన్ ఉంటాయి. మన 200 గ్రాములకు 660 కేలరీలు, 43 గ్రాముల ప్రొటీన్ అన్నమాట. టమాటాలకు 60 కేలరీలు, 3 గ్రాముల ప్రొటీన్ వేసుకోవచ్చు. ఉల్లిపాయలకు 50 కేలరీలు, ఒక గ్రాము. పోపు గింజలకు 40 కేలరీలు, 2 గ్రాములు. ఇక నూనె. గ్రాముకు 9 కేలరీల చొప్పున 30 గ్రాములకు 270. ప్రొటీన్ మాత్రం సున్నా.

అన్నీ కలిపితే 1080 కేలరీలు, 49 గ్రాముల ప్రొటీన్. నలుగురూ సమానంగా తింటే తలా 270 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్. మొత్తం కేలరీల్లో సరిగ్గా పావు వంతు నూనెదే. నూనెను సీసాలోంచి చేతివాటంగా వంపేసి, ఉల్లిపాయను మాత్రం జాగ్రత్తగా తూచేవాళ్లున్నారు. తూచాల్సింది మొదట నూనెను.

కానీ ఏ ఇంట్లో నలుగురూ సమానంగా తింటారు? నాన్న రెండు గరిటెలు వేసుకుంటే, చిన్నపిల్ల అర గరిటెతో లేస్తుంది. వంటల పుస్తకంలో ‘నలుగురికి’ అని రాసి ఉంటే అది రాసినవాళ్ల ఆకలి లెక్క. అందుకే మనుషుల సంఖ్యతో కన్నా, వండిన పప్పు బరువుతో భాగించడం మేలు. ఖాళీ గిన్నె బరువు ముందే చూసి ఉంచుకోవాలి. పప్పు దించాక గిన్నెతో సహా తూచి, ఖాళీ గిన్నె బరువు తీసేయాలి. మన పప్పు 1200 గ్రాములు తూగిందనుకుందాం. 1080ని 1200తో భాగిస్తే గ్రాముకు 0.9 కేలరీ, అంటే వంద గ్రాములకు 90. ప్రొటీన్ వందకు 4 గ్రాములు. గరిటెకు 120 గ్రాములు పడితే అందులో దాదాపు 108 కేలరీలు, 5 గ్రాముల ప్రొటీన్. రేపు నీళ్లు ఎక్కువ పోసి జారుగా చేస్తే మొత్తం కేలరీలు మారవు, గరిటెలో పడేవి తగ్గుతాయి. కాబట్టి నిన్నటి గరిటె అంకె నేటి పప్పుకు పనికిరాదు.

ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. కంచంలోని 300 గ్రాముల ఉడికిన పప్పును తూచి, పచ్చి కందిపప్పు అంకెతో గుణిస్తారు. అప్పుడు 990 కేలరీలు, 65 గ్రాముల ప్రొటీన్ అని వస్తుంది. అసలు ఉన్నవి 270, 12. గిన్నె మొత్తంలోనే 49 గ్రాముల ప్రొటీన్ ఉంటే ఒక్క కంచంలోకి 65 ఎలా వస్తుంది? ఈ ప్రశ్న వేసుకుంటే చాలు, తప్పు దొరికిపోతుంది. అన్నానికీ ఇదే చిక్కు: పచ్చి బియ్యం అంకెను పచ్చి బియ్యం బరువుకే వాడాలి.

గిన్నెలోంచి బయటికి వెళ్లినదాన్ని కూడా చూసుకోవాలి. పప్పు ఉడికాక కట్టు వంచి చారు పెట్టే ఇళ్లలో కొంత ప్రొటీన్ చారులోకి పోతుంది. ఆ చారు కూడా అదే పూట తాగితే నష్టమేమీ లేదు, పప్పు లెక్క మాత్రం కాస్త ఎక్కువ చూపిస్తుంది. ములక్కాడలు వేస్తే నమిలి పడేసే పిప్పిని లెక్కలోంచి తీసేయాలి. గారెల వంటి వాటికి బాణలిలో పోసిన నూనెంతా గారెల్లోకి వెళ్లదు. వేయించే ముందు, చల్లారాక నూనెను తూచి, ఆ తేడానే వేసుకోవాలి. కొంత నూనె చట్రానికీ బాణలికీ అంటుకుంటుంది కనుక ఆ అంకె ఒకింత ఎక్కువే చూపిస్తుంది.

ఇంత చేశాక, తలా 12.25 గ్రాముల ప్రొటీన్ అని దశాంశాలు రాసుకోవడం మాత్రం అనవసరం. పట్టికలోవి సగటులు, మన డబ్బాలోని కందిపప్పు ఏ పొలానిదో వాటికి తెలియదు. 12 అని రాసుకుంటే సరిపోతుంది.