తీగల దగ్గర పెరిగిన గొంతు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల చాటున సంగీతం నేర్పే ఇళ్లూ ఉన్నాయి. పాఠం అయ్యాక పిల్లలు ఫోన్ ముందుకు చాచి, గురువుగారి చేత కీర్తన మళ్లీ పాడించుకుంటారు. మీ పిల్లలు డాలస్‌లోనో మెల్బోర్న్‌లోనో ఇదే పని చేస్తుంటారు. నేర్చుకున్న తీరుకు పాట పక్కనే సాక్ష్యం ఉంటుంది. నేదునూరి కృష్ణమూర్తి గారి తరానికి అలాంటిది లేదు. ఆయన గొంతు ఎలా తయారైందో తెలుసుకోవాలంటే తరవాతివాళ్లు చెప్పుకున్న జ్ఞాపకాలనూ, కచేరీల తేదీలనూ పక్కపక్కన పెట్టి చూడాల్సిందే.

ఆయన 1927లో పిఠాపురం దగ్గర కొత్తపల్లిలో పుట్టారు. మొదటి పాఠాలు అమ్మ దగ్గరే: అష్టపదులు, తరంగాలు, అధ్యాత్మ రామాయణ కీర్తనలు. 1940లో విజయనగరం మహారాజావారి సంగీత కళాశాలలో చేరారు. ఆ చేరికకు చేయూతనిచ్చింది రాజావారు కాదు, ఒక కోర్టు అమీను. పోషకుడనగానే మనకు పట్టుశాలువా, సంస్థానం గుర్తొస్తాయి. కానీ సంగీతం కోసం విజయనగరం వచ్చిన పేద కుర్రాడికి ముందు కావలసింది రెండు పూటలా అన్నం. అంతకు కొన్నేళ్ల ముందు అదే ఊళ్లో ఘంటసాల జోలె కట్టుకుని మధుకరం ఎత్తుకున్నారు. ఆయనకు ఊరికే విద్య చెప్పిన పట్రాయని సీతారామశాస్త్రి గారి పేరు మనకు తెలుసు. జోలెలో ముద్ద వేసిన ఇల్లాళ్ల పేర్లు చాలావరకు మనకు తెలియవు.

నేదునూరి అక్కడ గాత్రంతో పాటు వయొలిన్ కూడా నేర్చుకున్నారు. నన్నడిగితే ఆయన కథలో కీలకం ఇదే. అప్పటికి కళాశాలకు అధ్యక్షులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. నేదునూరికి పాఠం చెప్పినవారిలో ద్వారం నరసింగరావు నాయుడు గారు ఒకరు. వయొలిన్‌కు మెట్లుండవు. వేలు వెంట్రుకవాసి జరిగితే స్వరం తప్పుతుంది, ఆ తప్పును ముందు పట్టుకోవలసింది వాయించేవాడి చెవే. గాత్రంలో ఊపిరి చాలనప్పుడు స్వరాన్ని నెట్టేసి తప్పించుకోవచ్చు. తీగ మీద ఆ వీలు లేదు. నేదునూరి విలంబకాలంలో ఒక స్వరం మీద నిలిచినప్పుడు ఆ చెవి కాపలా కాస్తున్నట్టే వినిపిస్తుంది.

1945కల్లా ఆయన కచేరీలు మొదలుపెట్టారు. తేదీలు పక్కన పెట్టి చూసినప్పుడే తెలిసే సంగతి ఒకటుంది. శ్రీపాద పినాకపాణి గారి సన్నిధి ఆయనకు 1949లో దొరికింది. అంటే నాలుగేళ్లుగా వేదిక ఎక్కుతున్న గాయకుడు మళ్లీ చాప మీద కూర్చుని శిష్యుడయ్యాడు. మామూలుగా చెప్పుకునే కథల్లో గురువు ముందు, కచేరీ తరవాత. ఇక్కడ వరస తిరగబడింది. మరో రెండేళ్లకు, 1951లో, మద్రాసు మ్యూజిక్ అకాడమీలో ఆయన కచేరీ జరిగింది.

పినాకపాణి గారు వృత్తికి వైద్యులు. జీతంతో ఇల్లు గడిచేది కాబట్టి పాఠానికి రొక్కం పుచ్చుకోవలసిన అవసరం ఆయనకు లేదు. పోషకుడూ గురువూ ఒక్కరే కావడమంటే ఇదే. ఆయన మద్రాసులో ఉన్నప్పుడు వీణ ధనమ్మాళ్ బాణీని రంగరామానుజ అయ్యంగార్ దగ్గర నేర్చుకున్నారు. పినాకపాణి గారు గమకాన్ని కాగితం మీద పెట్టాలని పట్టుబట్టిన మనిషి. ఆరోహణ అవరోహణలు రాసి ఊరుకోకుండా, ఒక్కో స్వరం ఏ స్వరాన్ని తాకి ఎక్కడ వాలుతుందో తెలిసేలా స్వరపరచేవారు. తిరుమల తిరుపతి దేవస్థానం వేసిన 'సంగీత సౌరభం' సంపుటాలు తిరగేస్తే ఆ ఓపిక తెలుస్తుంది. అలా విజయనగరం వయొలిన్ విన్న చెవికి మద్రాసు వీణ నుంచి వచ్చిన పాఠాంతరం అందింది. నేదునూరి గొంతులో నాకు వినిపించేవి ఈ రెండు తీగలే. ఆయన బాణీ కట్టిన 'నానాటి బతుకు'లో రేవతి రాగం ఎక్కడా తొందరపడదు. సంగతులు గుప్పించే వీలున్నచోట కూడా ఆయన మాట తేటగా వినపడనిచ్చి ఊరుకుంటారు.

పినాకపాణి గారి దగ్గరే ఓలేటి వెంకటేశ్వర్లు గారూ నేర్చుకున్నారు. ఓలేటి విజయవాడ రేడియోలో స్థిరపడ్డారు. నేదునూరి సికింద్రాబాద్, విజయవాడ, తిరుపతి, విజయనగరం కళాశాలలకు అధ్యక్షులుగా తిరిగారు. ఓలేటి శిష్యుడు మల్లాది సూరిబాబు తన కొడుకులు శ్రీరాంప్రసాద్, రవికుమార్‌లకు తొలి పాఠాలు తానే చెప్పి, పై చదువుకు పినాకపాణి గారి దగ్గరికీ నేదునూరి గారి దగ్గరికీ పంపారు. మీ సభల్లో మల్లాది సోదరుల కచేరీ విన్నవాళ్లు ఈసారి రికార్డింగు పెట్టుకుని విలంబకాలపు కీర్తన ఒకటి వినండి. చరణంలో స్వరం మీద వాళ్లు ఎంతసేపు ఆగుతున్నారో చూసి, వెంటనే నేదునూరి గారి పాత రేడియో కచేరీ ఒకటి పెట్టండి.