నెలలు నిండాక స్వాబ్ ‘పాజిటివ్’ వస్తే...

ఉద్యోగం హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో, తొలి కాన్పు మాత్రం పుట్టింట్లో. మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపు ఇళ్లలో ఇది మామూలే. తొమ్మిదో నెలలో అమ్మాయి ఊరికి వస్తుంది. చేతిలో ఫైలు, అందులో ఒక కాగితం మీద ‘గ్రూప్-బి స్ట్రెప్టోకాకస్ పాజిటివ్’ అని ఉంటుంది. ‘డాక్టరుగారూ, మా అమ్మాయికి ఏదో ఇన్‌ఫెక్షన్ ఉందంట, బిడ్డకేం కాదు కదా?’ అని తల్లి కంగారు పడుతుంది. అమెరికాలో ఉన్న కూతురు ఫోన్‌లో ఇదే మాట చెప్పినా ఇదే కంగారు. ఆ కాగితం నిజంగా ఏం చెబుతోందో, ఎప్పుడు ఏం చేయాలో తెలిస్తే కంగారు పడాల్సింది తక్కువ, గుర్తుపెట్టుకోవాల్సింది కొంచెమే.

ఇది జబ్బు కాదు

గ్రూప్-బి స్ట్రెప్ అనేది చాలామంది ఆరోగ్యవంతుల పేగుల్లో ఉండే బ్యాక్టీరియా. అక్కడి నుంచి యోనిలోకి చేరుతుంది, కొన్నాళ్లుండి పోతుంది, మళ్లీ వస్తుంది. దురద, మంట, వాసన ఏవీ ఉండకపోవచ్చు. అపరిశుభ్రత వల్ల వచ్చేది కాదు. సుఖవ్యాధి కూడా కాదు కాబట్టి భర్తకు పరీక్షలూ మందులూ అక్కర్లేదు.

సమస్య కాన్పు సమయంలోనే. ఉమ్మనీరు పోయాక, లేదా బిడ్డ బయటికి వచ్చే దారిలో ఈ బ్యాక్టీరియా బిడ్డకు అంటుకోవచ్చు. పాజిటివ్ వచ్చిన 200 మంది తల్లులకు ఏ మందూ ఇవ్వకపోతే దాదాపు 100 మంది బిడ్డలకు అది అంటుతుంది. వారిలో ఒకరిద్దరికి మాత్రమే రక్తంలోకో ఊపిరితిత్తుల్లోకో మెదడు పొరల్లోకో చేరి జబ్బు చేస్తుంది. అవకాశం చిన్నదే. కానీ వచ్చిందంటే గంటల్లో ముదురుతుంది. అందుకే ముందుజాగ్రత్త.

స్వాబ్ ఎలా, ఎప్పుడు తీస్తారు?

36 వారాలు నిండాక, 38 వారాల లోపు తీస్తారు. దూది చుట్టిన సన్నటి పుల్లను ముందు యోని కింది భాగంలో, తర్వాత అదే పుల్లను మలద్వారం లోపలికి కొద్దిగా పోనిచ్చి తిప్పుతారు. నిమిషం పని, నొప్పి ఉండదు. మలద్వారం దగ్గర తీయకుండా యోనిలో మాత్రమే తీస్తే కొందరిలో బ్యాక్టీరియా ఉన్నా దొరకదు. ల్యాబ్‌లో దాన్ని పెంచి చూడాలి కాబట్టి రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది.

ఈ ఫలితం ఐదు వారాల వరకే చెల్లుతుంది. బ్యాక్టీరియా వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి ఏడో నెలలో తీసిన స్వాబ్ కాన్పునాటి పరిస్థితిని చెప్పలేదు. పెన్సిలిన్ పడదన్న సంగతి ఉంటే స్వాబ్ తీసేటప్పుడే చెప్పాలి. అప్పుడు ల్యాబ్ వాళ్లు క్లిండమైసిన్ పనిచేస్తుందో లేదో కూడా చూస్తారు.

పాజిటివ్ రాగానే మాత్రలు ఎందుకు ఇవ్వరు?

‘ఇప్పుడే యాంటీబయాటిక్ కోర్సు వాడేస్తే పోతుంది కదా’ అని చాలామంది అడుగుతారు. మాత్రలతో తాత్కాలికంగా తగ్గుతుంది, కానీ పేగుల్లోంచి మళ్లీ వస్తుంది. కాన్పునాటికి పరిస్థితి మొదటికే. అందుకే మందు నొప్పులు మొదలయ్యాక, లేదా ఉమ్మనీరు పోయాక, నరంలోకి ఇవ్వాలి. అది తల్లి రక్తం ద్వారా బిడ్డకూ, ఉమ్మనీటిలోకీ చేరుతుంది. దీనికి మినహాయింపు మూత్రం. మూత్ర పరీక్షలో ఇన్‌ఫెక్షన్ స్థాయిలో ఈ బ్యాక్టీరియా కనిపిస్తే అప్పుడే చికిత్స చేస్తారు. ఈ గర్భంలో ఒకసారి మూత్రంలో కనిపిస్తే స్వాబ్ లేకుండానే పాజిటివ్‌గా లెక్కించి, కాన్పులో ఇంజెక్షన్ ఇస్తారు.

పెన్సిలిన్, లేదా ఆంపిసిలిన్ వాడతారు. ఆంపిసిలిన్ అయితే ముందు 2 గ్రాములు, తర్వాత కాన్పయ్యేదాకా నాలుగు గంటలకోసారి 1 గ్రాము. మొదటి డోసు పడిన తర్వాత కాన్పుకు కనీసం నాలుగు గంటలు దొరికితే పూర్తి రక్షణ. ఇలా మందు అందితే జబ్బు చేసే అవకాశం సుమారు నాలుగు వేల మందిలో ఒకరికి పడిపోతుంది.

నాలుగు గంటల లెక్క

ఒక ఉదాహరణ చూద్దాం. గిద్దలూరులో పుట్టింట్లో ఉన్న అమ్మాయికి 36 వారాల 3 రోజులకు హైదరాబాద్‌లో తీసిన స్వాబ్ పాజిటివ్. 38 వారాల 5 రోజులకు, రాత్రి 11 గంటలకు ఉమ్మనీరు పోయింది. నొప్పులు లేవు. ‘నొప్పులు రాలేదు కదా, తెల్లారాక వెళ్దాం’ అని ఆగితే అక్కడే పొరపాటు. గిద్దలూరు నుంచి కంభం మీదుగా మార్కాపురం రావడానికి గంటకు పైగానే పడుతుంది. వెంటనే 108కి ఫోన్ చేసి బయల్దేరి, కాగితం చూపిస్తే, ఒంటిగంటకు మొదటి డోసు పడుతుంది. నొప్పులు రావడానికి మందు మొదలుపెడతారు. ఐదింటికి రెండో డోసు. ఆరున్నరకు కాన్పు. ఐదున్నర గంటలు దొరికాయి కాబట్టి బిడ్డను మామూలుగా చూసుకుంటే చాలు.

అదే మూడింటికే కాన్పు అయిపోతే? మందు కోసం కాన్పును ఆపరు. బిడ్డ బాగున్నా కనీసం ఒకటిన్నర నుంచి రెండు రోజులు ఆసుపత్రిలో కనిపెట్టి ఉంటారు. నొప్పులు రాకముందే, ఉమ్మనీరు పోకముందే జరిగే సిజేరియన్‌కైతే ఈ బ్యాక్టీరియా కోసం ప్రత్యేకంగా మందు అక్కర్లేదు. ఆపరేషన్‌కు మామూలుగా ఇచ్చే యాంటీబయాటిక్ మాత్రం ఉంటుంది.

ఇంజెక్షన్‌కు ముందు ఒక మాట చెప్పాలి. గతంలో పెన్సిలిన్ తర్వాత ఒళ్లంతా దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరాడకపోవడం వచ్చాయా? వస్తే వేరే మందు ఇస్తారు. ఒకట్రెండు సార్లు విరేచనాలయితే అది అలర్జీ కాదు.

స్వాబ్ చేయించుకోని వారి సంగతి?

అమెరికాలో 2002 నుంచి అందరికీ ఈ పరీక్ష చేయమంటున్నారు. అక్కడ 1990లో పదివేల శిశువుల్లో సుమారు 18 మందికి వచ్చిన ఈ జబ్బు 2015 నాటికి ఇద్దరికి తగ్గింది. బ్రిటన్‌లో అందరికీ చేయరు. మన దేశంలోనూ తప్పనిసరి కాదు. ఇక్కడ పుట్టిన బిడ్డల ఇన్‌ఫెక్షన్లలో క్లెబ్సియెల్లా, ఈ-కోలై వంటి వేరే బ్యాక్టీరియాల వాటానే ఎక్కువ. కాబట్టి స్వాబ్ నెగెటివ్ అంటే బిడ్డకు ఏ ఇన్‌ఫెక్షనూ రాదని కాదు.

స్వాబ్ లేకపోయినా నాలుగు సందర్భాల్లో కాన్పు సమయంలో మందు ఇస్తారు: 37 వారాల లోపు నొప్పులు వచ్చినప్పుడు, ఉమ్మనీరు పోయి 18 గంటలు దాటినప్పుడు, తల్లికి 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) జ్వరం ఉన్నప్పుడు, గతంలో పుట్టిన బిడ్డకు ఈ జబ్బు చేసినప్పుడు. అందుకే ఉమ్మనీరు ఎన్ని గంటలకు పోయిందో గడియారం చూసి గుర్తుపెట్టుకోండి. ప్రసూతి గదిలో మేం అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి.

ఇంటికొచ్చాక

ఈ జబ్బు ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే బయటపడుతుంది. బిడ్డ మూలగడం, నిమిషానికి 60కి మించి ఊపిరి తీయడం, పాలు పట్టకపోవడం, లేపినా మత్తుగా ఉండటం, ఒళ్లు కాలడం లేదా చల్లబడటం, నీలిరంగు తిరగడం కనిపిస్తే ‘దిష్టి తగిలింది’ అని ఆగొద్దు, వెంటనే తీసుకురండి. వారం తర్వాత, మూడు నెలల లోపు వచ్చే రకాన్ని కాన్పులో ఇచ్చిన మందు ఆపలేదు. కాబట్టి ఇంజెక్షన్లు అన్నీ పడినా ఈ లక్షణాలను పట్టించుకోవాల్సిందే. తల్లి పాలు మాత్రం నిరభ్యంతరంగా ఇవ్వొచ్చు.

చివరిగా ఆ కాగితం సంగతి. దాన్ని ఫైలు అడుగున కాదు, పైన పెట్టండి. ఫోన్‌లో ఫొటో తీసి భర్తకూ, తల్లికీ పంపండి. అర్ధరాత్రి ఆసుపత్రికి వచ్చినప్పుడు డ్యూటీలో ఉన్న నర్సమ్మకు ముందు చెప్పాల్సిన మాట: ‘స్వాబ్ పాజిటివ్, నీరు ఇన్నింటికి పోయింది.’