నట్టును ఎంత తిప్పాలి?

రెండు ఉక్కు ముక్కలను వెల్డింగ్ చేస్తే అతుకు దగ్గర కరిగి ఒక్కటవుతాయి. బోల్టులతో కలిపితే వేటికవి విడిగానే ఉండి, ఒకదాన్నొకటి అదుముకుంటాయి. వర్క్‌షాపులో దూలాన్ని అనువుగా తిప్పుకుని వెల్డింగ్ చేసుకోవచ్చు. ముప్పై అడుగుల ఎత్తున, గాలిలో, తల పైకెత్తి చేసే వెల్డింగ్ అంత బాగా కుదరదు. అందుకే వెల్డింగ్ వర్క్‌షాపులో, బోల్టులు సైటులో అన్నది మంచి పద్ధతి.

వెల్డింగ్ తప్పులు చాలావరకు కంటికి దొరుకుతాయి. అంచు వెంబడి గాడి, సన్నని రంధ్రాలు, పగుళ్లు ఉన్నాయేమో రంగు వేయకముందే చూడాలి. లోపలి లోపాలను అల్ట్రాసోనిక్ పరీక్ష పట్టిస్తుంది. బోల్టు అలా కాదు. వదులుగా ఉన్నదీ, సరిగ్గా బిగిసినదీ చూపుకు ఒకేలా ఉంటాయి.

క్రేన్ నడిచే షెడ్డు బ్రేసింగ్‌లో 8.8 గ్రేడు, 20 మిల్లీమీటర్ల బోల్టు ఉందనుకుందాం. దాని రంధ్రం 22 మిల్లీమీటర్లు. నట్టు బిగిస్తే బోల్టు రవ్వంత సాగి, తిరిగి కుదించుకుపోవాలని చూస్తుంది. పూర్తిగా బిగిస్తే పలకలను దాదాపు 14 టన్నుల బలంతో నొక్కుతుంది. గ్రిట్ బ్లాస్టింగ్‌తో గరుకు చేసిన పలకల మధ్య ఆ నొక్కుడు 7 టన్నుల రాపిడి నిస్తుంది. ఆ రాపిడే బరువును మోస్తుంది. అదే పలకలను శుభ్రం చేయకుండా కలిపితే 3 టన్నులు కూడా దక్కదు. బిగింపు చాలకపోతే పలకలు ఆ ఖాళీలో జారతాయి. క్రేన్ వచ్చిపోయినప్పుడల్లా అటూ ఇటూ కదిలి, నట్టు ఇంకా వదులవుతుంది. మామూలు షెడ్డులో బరువు ఒకే దిక్కున పడే కీళ్లకు ఇంత బిగింపు అక్కర్లేదు.

టార్క్ పానా ‘టక్’మన్నంత మాత్రాన నమ్మకూడదు. మనం తిప్పే శ్రమలో దాదాపు తొంభై శాతం మరల్లో, నట్టు కింద రాపిడికే పోతుంది. మిగిలిన పది శాతమే బోల్టును సాగదీస్తుంది. మర తుప్పు పట్టితే బోల్టు సాగకుండానే పానా ఆగిపోతుంది.

అందుకే తిప్పుడును కొలిచే పద్ధతి నాకు నచ్చుతుంది. ముందు మామూలు పానాతో, ఒక మనిషి పూర్తి బలంతో, కీలు మధ్య నుంచి అంచులకు వరుసగా బిగించాలి. పలకలు అతుక్కున్నాయో లేదో చూసుకుని, తర్వాత వచ్చిన బిగింపు మొదటివాటిని వదులు చేసి ఉంటుంది కాబట్టి మళ్లీ ఒక చుట్టు రావాలి. అప్పుడు నట్టు మీద, బోల్టు కొస మీద, పలక మీద ఒకే గీత గీయాలి. పొడవు 80 మిల్లీమీటర్లకు మించని ఇలాంటి బోల్టుకు, అమెరికా నిబంధనల ప్రకారం, మరో మూడో వంతు తిప్పాలి. అంటే గడియారంలో పన్నెండు నుంచి నాలుగు దాకా. ఆ సమయంలో బోల్టు తలను మరొకరు పట్టుకోవాలి. లేదంటే రెండూ కలిసి తిరిగిపోతాయి.

తనిఖీకి వెళ్లినప్పుడు గీతలు చూడండి. నట్టు మీది గీత పక్కకు జరగాలి, బోల్టు కొస మీది గీత కదలకూడదు. గీతే లేని నట్టు కనిపిస్తే, అది బిగించినదని రుజువయ్యేదాకా రంగు వేయనివ్వకండి.